లైసెన్స్ ఉందా అన్నది రెండో ప్రశ్న

క్రికెట్ సీజన్ మొదలైతే అనకాపల్లిలో మా జూనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో లింకులు మొదలవుతాయి. మొన్న ఒక తమ్ముడు అలాంటి బెట్టింగ్ లింకే పంపి, ‘అన్నా, దీనికి కురసావ్ లైసెన్స్ ఉంది. ఐదొందలు వేసి చూడొచ్చా?’ అన్నాడు. ఇద్దరం కూర్చుని చూశాం. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ముందు చూడాల్సింది లైసెన్స్ కాదు, మనం ఎక్కడ ఉన్నామన్నది. కురసావ్ కరీబియన్ దీవి. అక్కడి అనుమతి అనకాపల్లిలో చెల్లదు. సిక్కింలాంటి రాష్ట్రాలు గతంలో ఇచ్చిన లైసెన్సులు కూడా మన దగ్గర పందెం కాయడానికి హక్కు ఇవ్వవు. ఏపీలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు. నిర్వాహకులకే కాదు, ఆడినవాళ్లకూ శిక్ష ఉంది. హైదరాబాద్‌లో కోచింగ్‌కి వెళ్లినా తేడా లేదు, తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. ఆ చట్టంలో నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అంటే, మన దగ్గర లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ బెట్టింగ్ యాప్ అనేదే లేదు. ‘మాకు ఉంది’ అనడమే మొదటి అనుమానం.

రెండోది, డబ్బు ఎవరికి వెళ్తోంది? తమ్ముడు డిపాజిట్ బటన్ నొక్కితే యూపీఐ క్యూఆర్ వచ్చింది. స్కాన్ చేస్తే కంపెనీ పేరు కాదు, ఎవరో వ్యక్తి పేరు కనిపించింది. పేజీ రిఫ్రెష్ చేస్తే ఇంకో పేరు. ఇవి అద్దె ఖాతాలు. కమీషన్ ఆశతో తమ ఖాతా ఇచ్చేవాళ్లలో మనలాంటి స్టూడెంట్లూ ఉంటారు. కేసు నమోదైతే ఆ ఖాతా ఫ్రీజ్ అవుతుంది, దాని యజమాని పోలీసులకు జవాబు చెప్పుకోవాలి. ‘పేమెంట్ ప్రాసెసింగ్ జాబ్, ఖాతా ఇస్తే చాలు’ అనే ఆఫర్ వస్తే గుర్తుంచుకోండి.

మూడోది, డబ్బు వెనక్కి ఎలా వస్తుంది? విత్‌డ్రాయల్ నిబంధనలు తెరిచాం. ‘గెలిచిన మొత్తంపై 30 శాతం పన్ను ముందుగా జమ చేయాలి’ అని ఉంది. తెర మీద 18,000 గెలిచినట్టు చూపిస్తే, అది తీసుకోవడానికి 5,400 కట్టాలన్నమాట. కానీ టీడీఎస్ అంటే ఇచ్చే డబ్బులోంచి కోసుకునేది. విడిగా పంపమని అడిగారంటే అది పన్ను కాదు, ఇంకో వల.

తమ్ముడు డబ్బు వేయలేదు. ఇప్పటికే వేసినవాళ్లు ‘పన్ను’ కట్టకుండా, స్క్రీన్‌షాట్లు, యూటీఆర్ నంబర్లు దాచుకుని వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.inలో ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఇంట్లో తెలుస్తుందని ఆగితే పోయేది ఆ ఐదొందలతోనే ఆగదు.