ముహూర్తం కంటే ముందు చెక్క ఆరాలి

గృహప్రవేశానికో పెండ్లికో ముహూర్తం పెట్టుకున్న తర్వాత గాని ఇంటి సామాను సంగతి తలపెట్టకపోవడం గోదావరి పల్లెల్లో పరిపాటి. నెల రోజుల్లో రెండు మంచాలు, బట్టల బీరువా, భోజనాల బల్ల, కుర్చీలు, సోఫా అన్నీ సమకూరాలి. అంత తక్కువ వ్యవధిలో ఊరి వడ్రంగి చేయలేడు గనుక, కుటుంబమంతా పట్టణంలోని షోరూముకు వెళ్లి వాయిదాల మీద సామాను తెచ్చుకుంటున్నది. నష్టం అక్కడే మొదలవుతున్నది.

షోరూములో తక్కువ ధరకు దొరికే మంచాలు, బీరువాలు చాలావరకు చెక్కవి కావు. చెక్క పొట్టును, చిన్న ముక్కలను జిగురుతో అదిమి చేసిన పార్టికిల్ బోర్డుపై టేకు రంగు కాగితం అతికించినవి. పల్లె ఇళ్లలో గచ్చును నీళ్లు పోసి కడుగుతారు. ఆ నీరు బోర్డు అడుగు అంచులోకి చేరితే అది ఉబ్బుతుంది. ఎండిన తర్వాత కూడా పూర్వపు మందానికి రాదు. ఉబ్బినచోట స్క్రూ పట్టదు, బందులు ఊడి తలుపు వేలాడుతుంది. కొనే ముందు వెనుక వైపుకు వెళ్లి అడుగు అంచును, స్క్రూ బెజ్జం లోపలి భాగాన్ని చూస్తే పొట్టు కనిపిస్తుంది. అసలైన చెక్క సామాను కూడా షోరూముల్లో లేకపోలేదు గాని, దాని ధర వేరు.

ఇక వడ్రంగి దగ్గర ఆలస్యమని అందరి ఫిర్యాదు. మంచం చేయడానికి పట్టేది కొద్ది రోజులే. అసలు ఆలస్యం చెక్క ఆరడంలో ఉన్నది. అడితిలో నిన్న కోసిన టేకును ఈరోజు చిత్రిక పట్టి మంచం చేస్తే, వేసవి వచ్చేసరికి చెక్క కుదించుకుపోయి అతుకులు విడిపోతాయి. మంచం కిర్రుమంటుంది. నింద మాత్రం వడ్రంగి మీద పడుతుంది. అంగుళం మందం పలకలు కూడా నీడన, గాలి ఆడేలా మధ్యలో బద్దలు పెట్టి పేర్చితే, ఆరడానికి కొన్ని నెలలు పడుతుంది. ఎండలో పడవేస్తే పగులుతాయి.

చెక్క ఆరినదీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉన్నది. పేర్చిన పలకల్లో ఒకదాన్ని కాటాలో తూచి, బరువు దానిమీదే రాసి, మళ్లీ ఆ పలకల మధ్యనే ఉంచాలి. వారానికొకసారి తూచాలి. రెండు మూడు వారాలు వరుసగా బరువు తగ్గకుండా ఉంటే అక్కడి గాలికి చెక్క ఆరినట్లే. వానకాలంలో మాత్రం ఈ లెక్క అంతగా నమ్మదగినది కాదు.

ఖర్చు విషయానికి వస్తే, పలక పొడవును అడుగుల్లోను, వెడల్పు, మందాలను అంగుళాల్లోను తీసుకుని మూడింటినీ హెచ్చవేసి 144తో భాగించాలి. 7 అడుగుల పొడవు, 12 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం గల పలక ఒక ఘనపు అడుగు కూడా రాదు, 0.875 మాత్రమే. పట్టెలు, కోళ్లు, తలవైపు పలకతో కలిపి ఒక మంచానికి 6 ఘనపు అడుగులు, అడుగు రూ.3,000, కూలి రూ.8,000, పాలిష్ రూ.3,000 అనుకుంటే మొత్తం రూ.29,000 అవుతుంది. షోరూములో పొట్టు బోర్డు మంచం రూ.25,000 అనుకున్నా, తేడా నాలుగు వేలే. దొడ్లో వేప చెట్టో నల్ల తుమ్మో ఉన్నవారికి చెక్క ఖర్చు కోత కూలితో సరిపోతుంది. టేకు అయితే సొంత పొలంలోదైనా నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. చెట్టు ఏదైనా తెల్లచెక్కను వదిలి చేవ భాగాన్నే వాడమని చెప్పాలి. తెల్లచెక్కకు పురుగు త్వరగా పడుతుంది.

విజయవాడ వంటి చోట్ల హోల్‌సేల్ దుకాణాల్లో ధర తక్కువ, నిరీక్షణ లేదు. కాని లారీ కిరాయి కొన్నవారే భరించాలి. దారిలో విరిగితే వెనక్కు తీసుకునేవారు అరుదు. ఒక్క మంచం కోసం అంత దూరం వెళ్లడం దండగ. ఇనుప బీరువా, ప్లాస్టిక్ కుర్చీల వంటివి మాత్రం అక్కడే కొనడం మేలు. బీరువా రేకు గేజి అంకె పెరిగినకొద్దీ రేకు పలచనవుతుందని చాలామందికి తెలియదు. 20 గేజి కంటే 22 గేజి పలుచన. అందుచేత ధరతోపాటు గేజినీ, బరువునూ అడిగి బిల్లులో రాయించుకోవాలి.

మాఘ, ఫాల్గుణాల్లో పెండ్లి ఉన్న ఇల్లు వేసవిలోనే పలకలు కోయించి పేర్చుకుంటే, దీపావళి నాటికి వడ్రంగిని పిలవవచ్చు. అప్పుడు కూడా బయానా మొత్తం ఒకేసారి ఇవ్వక, కొయ్య పని పూర్తయి పాలిష్ వేయకముందే ఒకసారి చూసి, అతుకులు బిగిగా ఉన్నాయనుకున్నాకనే మిగతా కూలి ఇవ్వాలి. పాలిష్, లప్పం పడిన తర్వాత పగుళ్లు కంటికి కనిపించవు.