పంపు నీరసంగా తిరుగుతుంటే రెండో ప్యానెల్ కొనకండి, ముందు వైరు చూడండి

జీవామృతం వడకట్టి చిన్న డీసీ పంపుతో పిచికారీ చేసే వీడియో పెట్టిన ప్రతిసారీ ఒకే మాట వస్తోంది: "మా పంపు మీ దానిలా కొట్టట్లేదండీ, ఇంకో ప్యానెల్ వేయాలా?" వద్దు అనే నేనంటాను. చాలా చోట్ల తప్పు ప్యానెల్‌ది కాదు, షెడ్డు నుంచి పొలం తొట్టి దాకా లాగిన సన్నటి వైరుది.

ఒక లెక్క వేద్దాం. 12 వోల్టుల పంపు, సుమారు 96 వాట్లు. అంటే 8 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ షెడ్డులో ఉంది, పంపు 30 మీటర్ల దూరంలో. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి, కాబట్టి వైరు పొడవు 60 మీటర్లు. ఈ రెండింతల సంగతే చాలామంది మర్చిపోతారు. రాగి వైరుకు 60ని 0.018తో గుణించి, వైరు సైజుతో (షాపులో స్క్వేర్ ఎం.ఎం. అంటారు) భాగిస్తే దాని నిరోధం ఓముల్లో వస్తుంది. దాన్ని ఆంపియర్లతో గుణిస్తే దారిలో పోయే వోల్టులు.

ఇంటి వైరింగులో వాడే 1.5 సైజు తీసుకుంటే 0.72 ఓములు. 8 ఆంపియర్లకు 5.8 వోల్టులు. పన్నెండులో దాదాపు సగం దారిలోనే ఆవిరి! మోటారుకు వోల్టేజి తగ్గితే అది లాగే కరెంటు కూడా కొంత తగ్గుతుంది కాబట్టి లెక్క అక్షరాలా రాదు గానీ, పంపు మూలుగుతుంది, ప్రెజర్ రాదు. ఒక్కోసారి పైపులో ప్రెజర్ ఉండగా స్విచ్ వేస్తే అసలు కదలక వేడెక్కుతుంది.

షాపాయన "ఈ వైరు 8 ఆంపియర్లు తట్టుకుంటుంది" అన్నది అబద్ధం కాదండీ. కాలిపోదు అని దాని అర్థం. వోల్టేజి నిలబడుతుందని కాదు. అదే వైరు మీద 230 వోల్టుల్లో 100 వాట్ల సామాను నడిస్తే అర ఆంపియరు కూడా పారదు, పోయేది 0.3 వోల్టు. ఎవరికీ తెలియదు.

మరి లావు వైరు వేద్దామా? 6 సైజుకు 1.4 వోల్టులు పోతాయి, అంటే 12 శాతం. 5 శాతం లోపు రావాలంటే 16 సైజు కావాలి. 60 మీటర్ల 16 సైజు రాగికి ధర అడిగి చూడండి, చాలాసార్లు పంపు కంటే అదే ఎక్కువవుతుంది. అందుకే రాగి మీద డబ్బు పోయడం నా లెక్కలో ఆఖరి దారి.

ఇంకా పంపు కొననివాళ్ళు 24 వోల్టులది తీసుకోండి. కరెంటు 4 ఆంపియర్లకు దిగుతుంది. అప్పుడు 4 సైజు వైరులో పోయేది 1.1 వోల్టు, అదీ 24లో. పన్నెండు మీద 16 సైజు చేసే పని ఇక్కడ 4 సైజే చేస్తుంది. రెండు బ్యాటరీలు సిరీస్‌లో కలపాలి, కంట్రోలర్, ప్యానెళ్ళు కూడా 24కు సరిపడేవే ఉండాలి.

ఇప్పటికే 12 వోల్టుల పంపు ఉంటే బ్యాటరీనీ కంట్రోలర్‌నీ తొట్టి పక్కకి, నీడలో, మూత ఉన్న పెట్టెలోకి మార్చండి. ప్యానెల్ షెడ్డు మీదే ఉండనివ్వండి. 100 వాట్ల ప్యానెల్ 18 వోల్టుల దగ్గర 5.5 ఆంపియర్లు ఇస్తుంది. 4 సైజు వైరులో 1.5 వోల్టు పోతుంది. కానీ సాధారణ పి.డబ్ల్యు.ఎం. కంట్రోలర్ ఎలాగూ ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజికే లాగేస్తుంది, ఆ పైవోల్టులు వాడుకోదు. ఎండకు కాగి ప్యానెల్ 16 దగ్గరికి దిగినా, 14.4కు 1.5 కలిపితే 15.9, ఇంకా సరిపోతుంది. ఎం.పి.పి.టి. కంట్రోలర్ అయితే మాత్రం ఆ నష్టం నిజంగానే పడుతుంది, సుమారు 8 వాట్లు. బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజు మర్చిపోవద్దు.

మీ దగ్గర వైరుదే తప్పా అని తెలుసుకోవడం తేలిక. పంపు నడుస్తుండగా మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, పంపు టెర్మినళ్ళ దగ్గర ఒకసారి చూడండి. పంపు ఆపి చూస్తే రెండు చోట్లా ఒకటే చూపిస్తుంది, మోసపోతారు. తేడా లెక్క కంటే చాలా ఎక్కువ వస్తే జాయింట్లు తడమండి, వేడిగా ఉన్నదో ఆకుపచ్చ చిలుము పట్టినదో దొరుకుతుంది. అదీ కాకపోతే ఒక తీగపోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత వేసిన అల్యూమినియం, నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లు. అలాంటి 4 సైజును 2.5 కిందే లెక్కేసుకోండి.