పన్నెండు నెలలకు పదమూడు రీఛార్జులా?

జీతం నెలకోసారి వస్తుంది. ఇంటద్దె, కరెంటు బిల్లు, చీటీ వాయిదా నెలకోసారే కడతాం. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పెన్షన్ కూడా ఒకటో తారీఖు లెక్కనే ఇంటికొస్తుంది. ఇన్ని నెల లెక్కల మధ్య ప్రీపెయిడ్ ఫోన్ ఒక్కటే ఇరవై ఎనిమిది రోజుల లెక్కన నడుస్తోంది. దేశంలో మొబైల్ వాడేవారిలో పదింట తొమ్మిది మంది ప్రీపెయిడ్ వాళ్లే. షాపులో అడిగేది ‘నెల ప్యాక్’, ఫోనులో పడేది 28 రోజుల ప్యాక్. ఈ తేడా ఏడాది తిరిగేసరికి ఒక పూర్తి రీఛార్జు ఖర్చుగా తేలుతుంది.

ఎలాగో చూద్దాం. 31 రోజుల నెలలు ఏడు. వాటిలో ప్రతి నెలా 28 రోజుల ప్యాక్ మూడు రోజులు తక్కువ పడుతుంది. అంటే 21 రోజులు. 30 రోజుల నెలలు నాలుగు. వాటిలో రెండేసి రోజుల చొప్పున మరో ఎనిమిది. ఫిబ్రవరిలో మామూలుగా లోటు లేదు. మొత్తం 29 రోజులు. పన్నెండుసార్లు రీఛార్జు చేయించినా 336 రోజులకే వస్తుంది కాబట్టి పదమూడోసారి చేయించక తప్పదు. అప్పటికీ 364 రోజులే అవుతాయి, ఒక రోజు మిగిలే ఉంటుంది.

2025 క్యాలెండర్ దగ్గర పెట్టుకుని జనవరి 5న రీఛార్జుతో మొదలుపెట్టండి. తర్వాతి గడువు తేదీలు ఫిబ్రవరి 2, మార్చి 2, మార్చి 30. మార్చిలోనే రెండుసార్లు డబ్బు కట్టాల్సి వచ్చింది. అక్కణ్నుంచి ఏప్రిల్ 27, మే 25, జూన్ 22 అంటూ తేదీ ముందుకు జరుగుతూనే ఉంటుంది. ఐదో తేదీన జీతం అందుకునే సెక్యూరిటీ గార్డుకు జనవరిలో జీతం చేతికొచ్చిన రోజునే పడిన రీఛార్జు, మార్చి చివరికల్లా చేతిలో డబ్బు ఆడని నెలాఖరుకు చేరుతుంది. డిసెంబరు 7 నాటిది పదమూడో రీఛార్జు. అదనపు ఖర్చు ఏ నెలలోనూ విడిగా కనిపించదు. బిల్లు రాదు, ధర పెరిగిందన్న ప్రకటనా ఉండదు, గడువు తేదీ మాత్రం కొంచెం ముందుకొస్తుంది. అందుకే చాలామంది ఈ భారాన్ని గుర్తుపట్టలేకపోతున్నారు.

ఇప్పుడు రూపాయల్లో చూద్దాం. 2024 జూలైలో ధరలు పెంచాక జియోలో రోజుకు 1.5 జీబీ డేటా ఇచ్చే 28 రోజుల ప్యాక్ 299 రూపాయలు. నెలకు 299 అనుకున్నవారి లెక్కలో ఏడాదికి 3,588 రూపాయలు. పదమూడుసార్లకు నిజంగా కట్టేది 3,887. నాలుగు ఫోన్లున్న ఇంట్లో ఈ తేడా 1,196 రూపాయలు. అదే కంపెనీ అదే 1.5 జీబీతో పూర్తి క్యాలెండర్ నెల ప్యాక్‌ను 319 రూపాయలకు ఇచ్చింది. పైకి చూస్తే ఇరవై రూపాయలు ఎక్కువ. పన్నెండుసార్లకు అయ్యేది మాత్రం 3,828. ఖరీదైనదిగా కనిపించిన ప్యాకే ఏడాదికి 59 రూపాయలు చౌక.

ఆదా పెద్ద మొత్తమేమీ కాదన్నది నిజమే. ఇక్కడ నేను ఎత్తిచూపుతున్నది ఆ 59 రూపాయలను కాదు. రెండు ధరలను పక్కపక్కన పెట్టి చూసిన కొనుగోలుదారు తప్పుడు నిర్ణయం తీసుకునేలా ఆ ధరలు కనిపిస్తున్నాయి. 28 రోజుల ధర అని చెప్పడం అబద్ధం కాదు. దాన్ని నెల ధరగా అనుకోనివ్వడంలోనే అన్యాయం ఉంది.

ఈ అన్యాయం చేతిలో తక్కువ డబ్బున్నవారి మీద ఎక్కువగా పడుతోంది. అవే ధరల్లో 365 రోజుల ప్యాక్ 3,599 రూపాయలు, అందులో రోజుకు 2.5 జీబీ డేటా. ఒకేసారి అంత పెట్టగలిగినవాడు ఎక్కువ డేటా పొందుతూ కూడా, 299 చొప్పున పదమూడుసార్లు కట్టినవాడికన్నా 288 రూపాయలు తక్కువ చెల్లించాడు. ముందుగా డబ్బు కట్టినవారికి రాయితీ ఇవ్వడం వ్యాపారంలో మామూలే. కానీ ముందుగా కట్టలేనివారికి రాయితీ లేకపోగా నెల కూడా పూర్తిగా దక్కడం లేదు. మూడు నెలల ప్యాక్ అనుకుని కొనే 84 రోజులది, ఏడాది ప్యాక్ అనుకుని కొనే 336 రోజులది కూడా 28 ఎక్కంలోంచి వచ్చినవే. నాలుగు 84లు కలిపినా ఏడాదికి 29 రోజుల దూరంలోనే ఆగిపోతాయి.

28 రోజులంటే సరిగ్గా నాలుగు వారాలని, రీఛార్జు ఎప్పుడూ వారంలో ఒకే రోజున పడుతుందని దీన్ని సమర్థించేవారు చెబుతారు. వారం కూలి మీద బతికేవారికి అది కొంత నిజం కావచ్చు. కానీ అవే కంపెనీలు పోస్ట్‌పెయిడ్ వినియోగదారులకు నెలకో బిల్లు చొప్పున ఏడాదికి పన్నెండే పంపుతున్నాయి. నెల లెక్క వాటికి తెలియనిదీ కాదు, చేతకానిదీ కాదు.

వినియోగదారుల ఫిర్యాదుల తర్వాత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరి 27న టారిఫ్ ఉత్తర్వును సవరించింది. ప్రతి కంపెనీ ప్లాన్ వోచర్, స్పెషల్ టారిఫ్ వోచర్, కాంబో వోచర్‌లలో ఒక్కొక్కటైనా 30 రోజుల గడువుతో ఇవ్వాలంది. ప్రతి నెలా ఒకే తేదీన రీఛార్జు చేసుకునేవీ అలాగే ఒక్కొక్కటైనా ఉండాలంది. 31వ తేదీ లేని నెలలో ఆ నెల చివరి రోజునే గడువు తేదీగా లెక్కించాలంది. మంచి ఉత్తర్వే. కానీ ‘కనీసం ఒకటి’ అన్న మాట దగ్గరే అది బలహీనపడింది. పదుల కొద్దీ 28 రోజుల ప్యాకుల మధ్య ఒక్క నెల ప్యాక్‌ను ఎక్కడో చివర పెట్టినా నిబంధన పాటించినట్టే. మనకు కావలసిన డేటాతో నెల ప్యాక్ దొరుకుతుందన్న హామీ లేదు. 30 రోజుల ప్యాక్‌తోనూ సమస్య పూర్తిగా తీరదు, పన్నెండు రీఛార్జుల తర్వాత ఇంకా ఐదు రోజులు మిగులుతాయి. పన్నెండుతో ఏడాది నిండేది ఒకే తేదీకి తిరిగొచ్చే ప్యాక్‌తోనే.

మొబైల్ ధరల నిర్ణయాన్ని ట్రాయ్ చాలాకాలంగా కంపెనీలకే వదిలేసింది. దాన్ని మార్చమని ఇక్కడ అడగనక్కర్లేదు. ధర చూపే పద్ధతి మారితే చాలు. కిరాణా షాపులో ప్యాకెట్ మీద మొత్తం ధరతో పాటు గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. పప్పు ప్యాకెట్‌కు ఉన్న ఈ రక్షణ ఫోన్ ప్యాక్‌కూ ఉండాలి. ప్రతి ప్యాక్ పక్కన రోజుకు ఎంత, ఏడాదికి ఎంత అన్నది అదే సైజు అక్షరాల్లో చూపాలి. ప్రతి 28 రోజుల ప్యాక్‌కు జోడీగా అదే డేటాతో నెల ప్యాక్ ఉండాలి, రెండూ ఒకే వరుసలో కనిపించాలి. ఆ తర్వాత ఏది కావాలో జనమే తేల్చుకుంటారు.

ఆ నిబంధన వచ్చేదాకా పాఠకులు ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవచ్చు. 28 రోజుల ప్యాక్ ధరను పన్నెండుతో భాగించి, వచ్చినదాన్ని ఆ ధరకే కలపండి. 299కి 25 కలిపితే 324 వస్తుంది. మీ నెల ఖర్చు నిజానికి అంత. అదే సదుపాయాలున్న నెల ప్యాక్ అంతకన్నా తక్కువకు దొరికితే అదే తీసుకోండి. రీఛార్జు చేసే షాపులో ‘నెల ప్యాక్’ అని కాకుండా ‘ఒకే తేదీకి వచ్చే ప్యాక్’ అని అడగండి. డబ్బు కట్టాక వచ్చే మెసేజ్‌లో గడువు తేదీ చూసుకోండి. నెల పేరుతో అమ్మేదేదైనా నెలంతా పనిచేయాలి. ట్రాయ్ ఆ ఒక్క సూత్రాన్ని కంపెనీల చేత పాటింపజేయాలి.