ఆదివారం డ్యూటీ: మనవి చాలదు, లెక్క కావాలి

“ఈ వారం ఆదివారం డ్యూటీ పడింది అయ్యగారూ, ఆరాధనకు రాలేను.” ఈ మాట వినని పాస్టరు లేరు. నర్సులు, బస్సు కండక్టర్లు, సూపర్ మార్కెట్ ఉద్యోగులు, కాల్ సెంటర్ యువత అందరి ఇబ్బందీ ఇదే. యాజమాన్యాలకు అర్జీలు పెట్టినవారు కొందరున్నారు. ఆ అర్జీల్లో చాలా వరకు మత స్వేచ్ఛ గురించి ఆవేదన ఉంటుంది గానీ, యాజమాన్యం దేనిపై నిర్ణయం తీసుకోవాలో ఉండదు. పాలక మండలి చదివి నిర్ణయించగల విధాన పత్రం వేరుగా ఉండాలి.

ఇందుకు అమెరికాలోని ఒక కేసు మనకు పాఠం చెబుతుంది. పెన్సిల్వేనియాలో జెరాల్డ్ గ్రాఫ్ అనే విశ్వాసి తపాలా శాఖలో పనిచేసేవారు. ఆ శాఖ అమెజాన్ పార్సెళ్లను ఆదివారం కూడా బట్వాడా చేయడం మొదలుపెట్టింది. ఆయన ఆదివారం పని లేని చిన్న పోస్టాఫీసుకు మారారు. కొంతకాలానికి అక్కడికీ ఆ పని వచ్చింది. ఆయన రాని ఆదివారాల్లో ఆ పని తోటివారిపై పడింది. ఆయనపై క్రమశిక్షణ చర్యలు మొదలయ్యాయి. 2019లో ఆయన రాజీనామా చేసి కోర్టుకు వెళ్లారు.

ఉద్యోగి మతాచారానికి యజమాని సర్దుబాటు చేయాలని అక్కడి చట్టం ముందే చెబుతోంది. అయితే 1977 నాటి ఒక తీర్పును బట్టి, యజమానికి స్వల్పంగా మించిన ఖర్చు వచ్చినా కాదనవచ్చని కింది కోర్టులు చెబుతూ వచ్చాయి. 2023 జూన్ 29న సుప్రీం కోర్టు గ్రాఫ్ కేసులో ఏకగ్రీవంగా ఆ కొలత మార్చింది. ఆ వ్యాపారం స్థాయిని బట్టి చూసినా ఖర్చు గణనీయంగా పెరుగుతుందని యజమాని చూపాలి. తోటి ఉద్యోగులకు ఆ మతమంటే పడదన్న కారణం చెల్లదు. అలాగని కోర్టు గ్రాఫ్‌ను గెలిపించలేదు. కొత్త కొలతతో మళ్లీ విచారించమని కేసును కింది కోర్టుకు పంపింది. అంటే వాదన భక్తి ఎంత గాఢమైనదన్న దగ్గర ఆగదు. పనికి ఎంత భారం అన్న దగ్గరకు వస్తుంది.

ఆ తీర్పు మన దేశంలో చెల్లుబాటు కాదు. రాజ్యాంగం 25వ అధికరణ మత స్వేచ్ఛ ఇస్తుంది గానీ, అది ముఖ్యంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలిచే హక్కు. ప్రైవేటు యజమాని సర్దుబాటు చేసి తీరాలన్న అమెరికా తరహా చట్టం మనకు లేదు. పత్రంలో ఈ సంగతి దాచకూడదు. విదేశీ తీర్పును హక్కులా చూపితే యాజమాన్యం వకీలు మొదటి పేజీలోనే దాన్ని కొట్టేస్తాడు. దాని నుంచి కొలతను మాత్రమే తీసుకోవాలి.

ఆ కొలతను ఎలా వాడాలో చూద్దాం. ఒక వార్డులో 12 మంది నర్సులు ఉన్నారనుకుందాం. ఆదివారం ఉదయం షిఫ్టుకు ముగ్గురు కావాలి. అంటే నాలుగు ఆదివారాలకు 12 డ్యూటీలు. ఎనిమిది మంది ఆరాధనకు వెళ్లాలంటున్నారు, నలుగురికి ఆ అవసరం లేదు. ఆ నలుగురు ఇష్టపడి తలా రెండు డ్యూటీలు తీసుకుంటే ఎనిమిది తీరతాయి. మిగిలిన నాలుగు డ్యూటీలను ఎనిమిది మంది పంచుకుంటే ఒక్కొక్కరికి రెండు నెలలకు ఒక్క ఆదివారం ఉదయమే పడుతుంది. అదనపు మనుషులు అక్కరలేదు, ఓవర్‌టైమ్ లేదు. “మా ఆదివారం మాకు వదలండి” అన్న మాటకు రాని జవాబు ఈ పట్టికకు వస్తుంది.

ఇందులో పరిమితీ ఉంది. ఆ నలుగురు ఒప్పుకోకపోతే లెక్క తప్పుతుంది. వారికి ప్రతిఫలంగా తమకు కావలసిన మరో రోజు దొరకాలి. అందుకే మూడు నెలలు ప్రయోగంగా నడపమని అడగాలి. మార్పిడి దొరకక ఖాళీ పడిన డ్యూటీలు ఎన్ని, ఒకరిపైనే భారం పడుతోందా అన్నది రిజిస్టరులో రాయాలి. ఖాళీలు పెరుగుతుంటే పద్ధతి పనిచేయడం లేదని అర్థం.

పత్రం రెండు పేజీలు దాటనక్కరలేదు. మొదటి పేరాలోనే కోరిన నిర్ణయం ఉండాలి. తరువాత చట్టం, రోస్టరు లెక్క, ప్రయోగం గడువు, సమీక్ష చేసే అధికారి.

చివరిగా మనల్ని తాకే మాట. మన సంఘాలకూ ఆసుపత్రులు, కళాశాలలు ఉన్నాయి. అక్కడ శుక్రవారం నమాజుకు గంటసేపు కోరే ముస్లిం ఉద్యోగి, శనివారం విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు సోదరి ఉంటారు. మనం రాసే పత్రంలో “క్రైస్తవులు” అన్నచోట “ఏ మతానికి చెందిన ఉద్యోగి అయినా” అని రాసి చూడాలి. అప్పుడు ఆ పత్రాన్ని ముందుగా మన సంస్థల పాలక మండలి బల్ల మీద పెట్టగలమా? పెట్టలేకపోతే, మరో యాజమాన్యానికి దాన్ని పంపే నైతిక బలం మనకు ఉండదని మేము భావిస్తున్నాము.