సృష్టి కథను తప్పిన సైన్సుగా చదవకండి



ఆదికాండము మొదటి అధ్యాయములో వెలుగు మొదటి దినాన కలిగింది, సూర్యుడు నాలుగో దినాన వచ్చాడు. ఇది చూపి కొందరు నవ్వుతారు. మనవాళ్లు కొందరు దాన్ని ఎలాగైనా సైన్సుతో సరిపెట్టాలని తంటాలు పడతారు. ఇద్దరూ వేసేది ఒకే తప్పు ప్రశ్న అని మేమంటాం.

బబులోను సృష్టి కథ ‘ఎనూమా ఎలిష్’ను పక్కన పెట్టి చూడండి. అది ఏడు మట్టి పలకల మీద దొరికింది. అప్పటికి దొరికిన ముక్కలను జార్జ్ స్మిత్ 1876లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చాడు. ఆరో పలకలో, ఓడిపోయిన కింగు అనే దేవుని రక్తంతో మనిషిని చేస్తారు. ఎందుకు? దేవతల చాకిరీ మనిషి నెత్తిన వేసి, దేవతలు సుఖపడటానికి. అది మనిషి పుట్టుక మీద పరిశోధన కాదు, లోకంలో మనిషి చోటు ఏదో తేల్చే మాట.

ఆదికాండము అదే ప్రశ్నకు ఎదురు జవాబు చెబుతుంది. బబులోను మొక్కిన సూర్యచంద్రులకు ఇక్కడ పేర్లు కూడా లేవు, అవి రెండు జ్యోతులు మాత్రమే. ఆ దేశాల్లో దేవుని స్వరూపమనే బిరుదు రాజులది. ఇక్కడ అది స్త్రీకీ పురుషునికీ, అందరికీ దక్కింది.

కథలన్నీ ఒకటే అనడమూ పొరపాటే. మన గూడూరు నిమ్మతోటలో కాయలు కోసే కూలీ అక్క చాకిరీకి పుట్టిందా, దేవుని పోలికలో పుట్టిందా? రెండు కథలు తగువులాడేది ఇక్కడే. దీన్ని వదిలేసి నాలుగో దినం లెక్కలు వేసేవాళ్లు అధ్యాయం చదవనట్టే.