‘హ్యాక్’ అని రాసే ముందు

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం వివరాలు ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఇక్కడ తాళం పగలగొట్టిన వాడెవడూ లేడు. తలుపే తెరిచి ఉంది. ఇలాంటి వార్త జగ్గయ్యపేట, నందిగామ వంటి చోట్ల లబ్ధిదారులతో రోజూ మాట్లాడే సిబ్బంది వాట్సాప్ గ్రూపుకు ఎలా చేరుతుందో ఊహించడం కష్టం కాదు: “సైట్ హ్యాక్ అయింది, అందరి డేటా పోయింది, వెంటనే పాస్‌వర్డ్‌లు మార్చండి, సిస్టమ్‌లు ఆపేయండి!” ఇందులో క్రియాపదమే తప్పు. అది తప్పాక, చెప్పిన పని కూడా తప్పుతుంది. తెరిచి ఉన్న పేజీ పాస్‌వర్డ్ మారిస్తే మూసుకోదు. నిజంగానే వైరస్ చొరబడి ఉంటే, ఆ కంప్యూటర్ మీదే మార్చిన కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగ చేతికే పోవచ్చు. స్విచ్ ఆపితే మెమరీలోని ఆధారాలు చెరిగిపోతాయి. నెట్ కేబుల్ తీసి, యంత్రాన్ని అలాగే ఉంచడం మేలు.

ఆ సందేశాన్ని తిరగరాయడమంటే భాషకు చన్నీళ్లు చల్లడం కాదు, తెలిసినదాన్ని తెలియనిదాని నుంచి విడదీయడం. ఉదాహరణకు ఇలా: “లబ్ధిదారుల జాబితా పేజీ లాగిన్ లేకుండానే తెరుచుకుంటోందని ఉదయం 11 గంటలకు తెలిసింది. అందులో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. 11.40కి పేజీని ఆపాం. ఎన్నాళ్లుగా తెరిచి ఉందో, ఎవరు చూశారో సర్వర్ లాగ్‌లు చూశాకే తెలుస్తుంది. మీ దగ్గరున్న స్క్రీన్‌షాట్లు ఎవరికీ పంపొద్దు, చెరపొద్దు. ఐటీ విభాగానికి చెప్పండి. లబ్ధిదారులు అడిగితే, ఫోన్‌లో ఎవరికీ ఓటీపీ చెప్పొద్దనండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమనండి. తర్వాతి సమాచారం సాయంత్రం 5 గంటలకు.” స్క్రీన్‌షాట్ల మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, హెచ్చరిక పేరుతో జాబితాను పంచేది తరచూ మనవాళ్లే.

ఇంత నిదానంగా చెబితే ఎవరూ పట్టించుకోరని కొందరంటారు. కంగారు చేతులను కదిలిస్తుంది, నిజమే. ఎటు కదలాలో మాత్రం చెప్పదు. గడియారం, చేయాల్సిన పని ఉన్న నోటీసు ఆశ్చర్యార్థకాలకంటే గట్టిగా పనిచేస్తుంది. సిబ్బందికి చెబితే బయటికి పొక్కుతుందన్నది రెండో అభ్యంతరం. చెప్పకపోయినా పొక్కుతుంది, కాకపోతే పుకారుగా.

నాకు అసలు భయం వేరే వైపు ఉంది. తిరగరాసేవాళ్లు నెమ్మది మాటల మోజులో “దుర్వినియోగం జరిగినట్టు ఆధారాలు లేవు” అని చేర్చేస్తారు. లాగ్‌లు చూశాక అంటే అది సమాచారం. లాగ్‌లే లేనప్పుడు అంటే దగా. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, ఘటన తెలిసిన 6 గంటల్లోపు తనకు తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28నే ఆదేశించింది. కాబట్టి ఆ వాక్యం మీ నోటీసులో కనిపిస్తే, లాగ్‌లు ఏ తేదీ నుంచి ఉన్నాయని అడగండి.