ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా 10 వేలు మన జేబులోంచే ఎందుకు?

కారుకు గుద్దు తగిలింది, బిల్లు 38 వేలు అయింది, కంపెనీ ఇచ్చింది 27,300. "మరి ఫుల్ ఇన్సూరెన్స్ అన్నారు కదా!" షోరూం కౌంటర్ దగ్గర రోజూ వినపడే గొడవే ఇది. చాలా సార్లు ఇందులో మోసం ఏమీ ఉండదు. పాత బంపర్ తీసి కొత్తది వేస్తే బండి యాక్సిడెంట్‌కు ముందున్న దానికంటే మెరుగైనట్టే, ఆ మెరుగుకు నేను డబ్బు కట్టను అంటుంది కంపెనీ. ఆ కోతనే తరుగు, అంటే డిప్రిసియేషన్ అంటారు.

ఈ తరుగు రేట్లు 2002 నాటి మోటార్ టారిఫ్‌లోవి. 2007లో ప్రీమియం ధరలను కంపెనీల ఇష్టానికి వదిలేశారు గానీ, ఈ పట్టిక మాత్రం నేటికీ పాలసీ కాగితాల్లో అలాగే ఉంది. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి బండి వయసుతో పని లేకుండా సగం కోత. అద్దానికి కోత లేదు. ఇనుప భాగాలకు వయసును బట్టి పెరుగుతుంది: మొదటి ఆరు నెలలు సున్నా, 5 నుంచి 10 ఏళ్ల బండికి 40 శాతం.

ఆరేళ్ల చిన్న కారు ఒకటి తీసుకుని లెక్క వేద్దాం (జీఎస్టీ పక్కన పెడదాం). బంపర్ 6,000, కోత 3,000. బానెట్ 8,000, కోత 3,200. ప్లాస్టిక్ హెడ్‌లైట్ 5,000, కోత 2,500. ముందు అద్దం 7,000, కోత లేదు. లేబర్ 4,000, దానికీ లేదు. మిగిలింది పెయింటింగ్ 8,000.

అసలు చూడాల్సింది ఇక్కడే. కోత రంగు సామానుకే, పని కూలికి కాదు. సామాను, కూలి కలిపి ఒకే మొత్తంగా బిల్లు వేస్తే, అందులో 25 శాతాన్నే సామానుగా లెక్కించి దాంట్లో సగం కోయాలి. అంటే 2,000లో సగం, వెయ్యి రూపాయలు. మొత్తం 8,000 మీద సగం వేస్తే 4,000 పోతుంది. మూడు వేలు ఊరికే పోయినట్టు! రేకు భాగాన్ని ప్లాస్టిక్ కింద రాసినా ఇలాగే నష్టం.

సరిగ్గా వేస్తే కోత 9,700, దానిపై 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా పోయే 1,000. వెరసి 10,700.

జీరో డిప్ తీసుకుంటే ఆ 9,700 పోదు, వెయ్యి మాత్రం పోతుంది. అయితే చాలా కంపెనీలు పాత బళ్లకు ఇది ఇవ్వవు, ఏడాదికి ఎన్ని క్లెయిములో కూడా పరిమితి పెడతాయి. కాబట్టి రెన్యువల్ రోజే అడగాలి, యాక్సిడెంట్ అయ్యాక అడిగితే లాభం లేదు.

లెక్క తేడా అనిపిస్తే సంతకం పెట్టే ముందే ఏ పార్టుకు ఎంత కోశారో కాగితం మీద అడగండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల దాటినా జవాబు రాకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, మన రెండు రాష్ట్రాల వాళ్లు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుకు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.